అరకు ప్లాన్ ఒకటి పడేయండి గురూగారూ!

పెళ్లి సంబంధమంటే గోత్రం నుంచి జీతం దాకా పూసగుచ్చినట్టు అడిగే జాతి మనది. టూరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క ముక్కతో సరిపెడతాం: "గురూగారూ, అరకు వెళ్దామనుకుంటున్నాం, ప్లాన్ ఒకటి పడేయండి." ఎప్పుడు, ఎవరెవరు, ఎంతలో అన్నవి రాజ్యరహస్యాలు.

గురువుగారూ తక్కువ తినలేదు. ఎదురు ప్రశ్న వేస్తే తనకు తెలియదనుకుంటారేమోనని బొర్రా గుహలు, పద్మాపురం గార్డెన్, చాపరాయి, వంజంగి మేఘాలు, లంబసింగి మంచు, బొంగు చికెన్ అంటూ ఒక్క ఊపిరిలో అప్పజెబుతాడు. ఆ చిట్టా పట్టుకుని మే నెలలో లంబసింగి చేరిన కుటుంబం, మంచు ఎక్కడుందని టీకొట్టు వాణ్ని నిలదీస్తుంది.

అడగాల్సినవి మూడే. కాకపోతే అడిగే తీరు ఉంది.

"ఎప్పుడు?" అంటే "త్వరలోనే" అంటారు. ఆ త్వరలో వచ్చే ఆదివారమూ కావచ్చు, వచ్చే ఏడాదీ కావచ్చు. కాబట్టి ఇలా అడగాలి: "మంచు చూడాలనా, జలపాతాలా? శని, ఆదివారాలేనా, వారం మధ్యలో కుదురుతుందా?" మంచుకైతే డిసెంబరు, జనవరి. జలపాతాల్లో నీళ్లు కావాలంటే వానల తర్వాత. చలికాలం వారాంతాల్లో అరకులో గది దొరకడమే గగనం, అదే మంగళవారమైతే బేరమాడొచ్చు. పైగా రైలు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. తేదీ ఇప్పుడే తేలితే అద్దాల బోగీలో సీటు మీద ఆశ ఉంటుంది, బయల్దేరే ముందు తేలితే కారే గతి.

"ఎవరెవరు?" అంటే "ఫ్యామిలీయేనండీ" అంటారు. నలుగురో, బస్సు మాట్లాడాల్సినంత మందో తేలదు. "అందరూ ఒక్క కారులో పడతారా? మెట్లెక్కలేని పెద్దవాళ్లున్నారా? ఘాట్‌రోడ్డు మీద ఎవరికైనా వాంతులవుతాయా?" అని అడగండి. బొర్రా గుహల్లో దిగడం సరదాగానే ఉంటుంది, ఆ తడి మెట్లన్నీ మళ్లీ ఎక్కేటప్పుడే మోకాళ్లు పేరుపెట్టి పిలుస్తాయి. వంజంగి మేఘాలు కావాలంటే చీకటితోనే లేచి కొండెక్కాలి. చంకలో పసిబిడ్డ ఉంటే అది వినోదం కాదు, శిక్ష.

ఇక మూడోది డబ్బు. "బడ్జెట్ ఎంత?" అంటే "పర్లేదండీ, చూసుకుందాం" అంటారు. అప్పు అడగబోతున్నామని అనుమానం. అంకె అడక్కండి, అలవాటు అడగండి: "పోయినసారి తిరుపతిలో దిగిన గదిలాంటిది చాలా? ఒకే గదిలో సర్దుకుంటారా, రెండు కావాలా?" ఎందుకడుగుతున్నారో కూడా చెప్పండి: "గదిని బట్టి అరకులో ఒక రాత్రా, రెండు రాత్రులా అన్నది తేలుతుంది." అప్పుడు పర్సు తెరవకుండానే పర్సు లోతు చెప్పేస్తారు.

ఇలా అడిగితే మా విజయవాడ మిత్రుడు బయటపెట్టినవి ఇవి: డిసెంబరులో ఒక వారాంతం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న తల్లి. పిల్లాడికి ఘాట్‌లో వాంతులు. మామూలు గది చాలు.

ఇంక ప్లాన్ దానంతటదే నడిచింది. అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు విశాఖలో తెల్లవారుతూనే కదిలిపోతుంది, కనుక శుక్రవారం రాత్రికే విశాఖ చేరాలి. శనివారం ఎక్కేటప్పుడు రైలు: పిల్లాడి కడుపూ నిలకడగా ఉంటుంది, సొరంగాలు లెక్కపెట్టే పనీ దొరుకుతుంది. మధ్యాహ్నం నుంచి గిరిజన మ్యూజియం, పద్మాపురం గార్డెన్, రాత్రికి అరకులోనే మకాం. ఆదివారం కారులో దిగుతూ అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా. పెద్దావిడ బయట కూర్చుంటారు, దంపతులు వంతులవారీగా పిల్లలతో లోపలికి వెళ్తారు. పిల్లాడికి ముందు సీటు. రాత్రికి విజయవాడ రైలు. వంజంగి, లంబసింగి రెండూ కొట్టేశాం. పెద్దావిడ కోసం, పెరగని ఆదివారం కోసం.

ఇన్ని అడిగినా "అంతా మీ ఇష్టం" అనే మహానుభావులుంటారు. వాళ్లను నాలుగో ప్రశ్న అడగడం దండగ. మీకు తోచింది ఊహించి, ఆ ఊహను పైనే రాసి పంపండి: "డిసెంబరు, నలుగురు, సాదా గది అనుకుని వేస్తున్నా." వెంటనే ఫోనొస్తుంది. "అదేంటండీ, మేం పన్నెండుమందిమి, సంక్రాంతి సెలవుల్లో, మా బావగారికి ఏసీ లేనిదే నిద్రపట్టదు!" ప్రశ్నకు జవాబివ్వని మనిషి కూడా ఎదుటివాడి తప్పు దిద్దడానికి ఎంత దూరమైనా వస్తాడు. కాగితం, కలం దగ్గర పెట్టుకుని గబగబా రాసుకోండి, అసలు వివరాలన్నీ అందులోనే ఉంటాయి.