ఒక్క అబద్ధమూ చెప్పకుండా ట్యాక్స్ సీజన్ గట్టెక్కండి

జనవరి వచ్చిందంటే ఆఫీసుల్లో ఇన్వెస్ట్‌మెంట్ ప్రూఫులు అడగడం మొదలవుతుంది. ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరుకి ఇదే అసలైన సీజన్. ‘గ్యారంటీ రాబడి’ అంటే సెబీ ఊరుకోదు కాబట్టి ఆ మాట జోలికి వెళ్లకండి. ‘నంబర్ వన్’, ‘బెస్ట్’ కూడా వద్దు. నిజాలతోనే పని జరిగిపోతుంది. ఎలాగో చూడండి.

1. పోస్టర్ నడిమధ్యన ‘రూ. 46,800 ఆదా’ అని ఎర్ర అక్షరాల్లో వేయండి. ఇది పక్కా లెక్క. 80సి కింద లక్షన్నర పెడితే, 30 శాతం శ్లాబులో 45,000, దాని మీద 4 శాతం సెస్సు 1,800. పాత పన్ను విధానం ఎంచుకుని, 30 శాతం శ్లాబులో ఉండి, 80సి పరిమితి మొత్తం ఖాళీగా ఉన్నవాళ్లకే అంత మిగులుతుంది. ఆ మూడు షరతుల బదులు అంకె పక్కన చిన్న చుక్కగుర్తు పెట్టండి. ‘వరకు’ అనే మాటను చిన్న అక్షరాల్లో ఇరికించండి. రేపు ఎవరైనా నిలదీస్తే ఆ ఒక్క మాటే మిమ్మల్ని కాపాడుతుంది.

2. మార్కెట్ రిస్కు హెచ్చరిక తప్పనిసరి. అక్షరాలు 10 పాయింట్లకు తగ్గకూడదు. సరిగ్గా 10 పెట్టండి. పసుపు మీద తెలుపు రంగులో వేస్తే చదవడానికి ఎవరూ శ్రమపడరు.

3. క్లయింటు ఏ పన్ను విధానంలో ఉన్నాడో పొరపాటున కూడా అడగకండి. సీజన్ మొత్తం నిలబడేది ఈ చిట్కా మీదే.

ఏడాదికి 14 లక్షల జీతం ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మీ దగ్గరకు వచ్చాడనుకోండి. ఇంటి రుణం లేదు, హెచ్ఆర్ఏ మినహాయింపు లేదు. 2025-26కి కొత్త విధానంలో అయితే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా అతను కట్టేది సెస్సుతో కలిపి 81,900. మీ మాట విని పాత విధానానికి మారి, లక్షన్నర ఈఎల్ఎస్ఎస్‌లో పెడితే, 50,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా పోగా కట్టేది 1,79,400. అంటే 97,500 అదనం. అయినా మీ పోస్టర్ తప్పు కాదు. పాత విధానంలో 80సి వాడకపోతే ఇంకో 46,800 కట్టేవాడు కదా! ఆ రెండో లెక్క మాత్రమే చూపించండి. మొదటిది చూపించాలంటే కొత్త శ్లాబులన్నీ నేర్చుకోవాలి, మనకెందుకా శ్రమ?

పాత విధానంలోనే ఉండాల్సినవాడు వచ్చినా పీఎఫ్ సంగతి ఎత్తకండి. నెలకు 6,000 చొప్పున జీతంలోంచి పోయే పీఎఫ్ ఏడాదికి 72,000. పిల్లల ట్యూషన్ ఫీజు 50,000. 80సిలో ఇక మిగిలేది 28,000, దాని మీద ఆదా 8,736. ఆ అంకె పోస్టర్ మీద బొత్తిగా అందంగా ఉండదు. లక్షన్నరా కొత్తగా పెట్టించండి.

4. ‘మూడేళ్లలో మీ డబ్బు మీ చేతికి’ అని రాయండి. ఈఎల్ఎస్ఎస్ లాకిన్ మూడేళ్లే, కాబట్టి నిజమే. సిప్‌లో ప్రతి వాయిదాకూ విడిగా మూడేళ్లు లెక్కిస్తారని చెప్పకండి. 2025 ఏప్రిల్ వాయిదా 2028 ఏప్రిల్‌లో తెరుచుకుంటే, 2026 మార్చి వాయిదాకి 2029 మార్చి దాకా ఆగాలి. కూతురి పెళ్లికని మధ్యలో వచ్చి అడిగితే ‘ఫారంలో ఉంది కదండీ’ అనండి. ఆ రోజుకి మార్కెట్ పడిపోయి ఉంటే హెచ్చరిక ఎలాగూ వేశారు, పోస్టర్ చూపించండి.

5. క్లయింట్ల పొగడ్తలు ప్రకటనలో వాడకూడదు. మీ బావమరిది చేత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘మా సార్ వల్లే నాకు ఇంత మిగిలింది’ అని పెట్టించండి. అడిగితే అది అతని సొంత అభిప్రాయం.

6. ప్రకటనకు ముందస్తు ఆమోదం కావాలి. ‘పన్ను ప్రణాళిక గురించి సంప్రదించండి’ అని చప్పగా ఒకటి తయారుచేసి దానికి ఆమోదం తీసుకోండి. ఎర్ర అక్షరాలది మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. మెసేజి కూడా ప్రకటన కిందికే వస్తుందని ఎవరైనా అంటే, స్టేటస్ 24 గంటల్లో పోతుందని ధైర్యంగా చెప్పండి. స్క్రీన్‌షాట్ తీసేంత తీరిక ఎవరికుంటుంది?

7. మార్చి 28 తర్వాతే జోరు పెంచండి. ‘31 దాటితే పోయింది’ అంటే చాలు, లెక్క అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. ఫీజు ముందే తీసుకోండి.

ప్రతి ప్రకటన కాపీని అయిదేళ్లు దాచాలన్నది నిబంధన. ఇదొక్కటీ తూచా తప్పకుండా పాటించండి. తేదీల వారీగా, చుక్కగుర్తులు కనబడేలా ఫైలు చేసి పెట్టుకోండి. సెబీ నుంచి నోటీసు వచ్చిన రోజున వెతుక్కునే పని ఉండదు.