స్టేటస్ పెట్టని మొగుడు

ఫేస్‌బుక్‌లో మీకు ఫలానావారితో పెళ్లయిందని రాసుకుంటే, ఆ ఫలానావారు ‘ఔను, నిజమే’ అని నొక్కాలి. అప్పటిదాకా వారి పేరు మీ పక్కన కనపడదు. మన పురోహితులు కూడా ఇంత గట్టిగా నిలదీయరు. ఇక అసలు దరఖాస్తే పెట్టుకోని మొగుడి సంగతి చెప్పాలా? అనుమానితుల జాబితాలో మొదటి పేరు ఆయనదే.

పండితులను అడుగుదామంటే వాళ్లూ తేల్చరు. తృప్తిగా ఉన్న రోజున జనం తమ బంధం గురించి ఎక్కువ పెడతారని 2013లో ఒక అధ్యయనం చెప్పింది. అవతలివారి మనసులో తన చోటెక్కడో అని బెంగపడిన రోజున ఎక్కువ చాటుకుంటారని మరుసటేడు ఇంకోటి చెప్పింది. అంటే సంబరమైనా పోస్టే, సందేహమైనా పోస్టే. చాటుకోవడానికే ఇన్ని అర్థాలుంటే, చాటుకోకపోవడానికి ఒక్కటే అర్థం ఉంటుందా?

మా ఎదురు ఫ్లాటు అమ్మాయి మాత్రం ఒక్కటే అర్థం తేల్చేసింది. “బాబాయ్ గారూ, బైక్ సర్వీసింగ్‌కిస్తే స్టేటస్. హీరో టీజర్ వస్తే స్టేటస్. నన్ను శ్రీశైలం తీసుకెళ్లి రెండు రోజులు తిప్పాడు, ఒక్క ఫోటో పెట్టలేదు!”

ఫిర్యాదులో పస ఉందని ఒప్పుకోవాలి. ఏదీ పెట్టని మనిషి భార్యనూ పెట్టలేదంటే అది స్వభావం, కేసు కొట్టేయవచ్చు. బైకుకు దొరికిన చోటు భార్యకు దొరకలేదంటే విచారణ జరగాల్సిందే. అయితే విచారించాల్సింది ఆ మౌనం ఎవరి ముందు అన్నది. వాళ్లమ్మకు, స్నేహితులకు, టీ కొట్టాయనకు ఈ పిల్ల ఎవరో తెలుసా? తెలుసు. ఇంటికి చుట్టాలొస్తే పక్కన కూర్చోబెట్టుకుంటాడా? ఆహా, చక్కగా. అవన్నీ లేకుండా ఫోన్లోనూ లేకపోతే నేనూ భయపడేవాణ్ణి. పెళ్లి కాని జంటల్లో అలాంటి దాపరికాలు కొన్ని కులం పట్టింపున్న పెదనాన్న కోసం, కొన్ని మరో అమ్మాయి కోసం. ఫోన్లో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

అబ్బాయిని పిలిచి అడిగాను. తల గోక్కుంటూ వాట్సాప్ స్టేటస్ ప్రైవసీ తెరిచి చూపించాడు. ‘మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్’లో మేనేజరు, ఇద్దరు హెచ్‌ఆర్ వాళ్లు. “జ్వరమని సెలవు పెట్టాను బాబాయ్ గారూ. వీళ్లను దాచినా, టీములో ఎవడో ఒకడు స్క్రీన్‌షాట్ తీసి పంపుతాడు. అందుకే అసలు పెట్టలేదు.”

అమ్మాయి మనసు కుదుటపడింది. ఆ సంబరంలో శ్రీశైలం ఫోటోలు పదకొండూ తన స్టేటస్‌లో పెట్టేసింది, ‘మా ఆయన బంగారం’ అని రాసి మరీ. మేనేజరుగారి భార్య ఆమె కిట్టీ పార్టీ స్నేహితురాలు. మర్నాడు ఆఫీసులో మేనేజరు ఆప్యాయంగా భుజం తట్టి, “జ్వరానికి ఘాట్ రోడ్డు గాలి బాగా పనిచేసినట్టుందే?” అన్నాడట.