ఎనిమిది వేల లాభం

నాకు వ్యాపార దృష్టి లేదన్న విషయంలో మా ఇంట్లో రెండో మాట లేదు. అందుకే 2022 మే నెలలో ఒక సాయంత్రం బండి అమ్మేసి, అర కిలో జిలేబీ పొట్లంతో ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నా నడకే వేరుగా ఉంది. 2019లో ఇరవై ఎనిమిది వేలకు కొన్న బండి. మూడేళ్లు హైదరాబాద్ అంతా తిరిగాక ముప్పై ఆరు వేలకు అమ్మాను. మోటార్ సైకిల్ అన్నది షోరూం గుమ్మం దాటగానే ధర పడిపోయే వస్తువు. దానిమీద ఎనిమిది వేలు లాభం చేసినవాడు మా వంశంలో నేనొక్కడినే.

“ఎనిమిది వేలు!” అని పొట్లం బల్లమీద పెట్టాను.

మా ఆవిడ జిలేబీ తీసుకుంది, మాట మాత్రం తీసుకోలేదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆ నెలలో సెలవులున్నా, లాభనష్టాల పాఠం ఇంకా తలలో వేడిగానే ఉన్నట్టుంది. “నాన్నా, అదనపు ఖర్చులు కలిపావా?” అంది.

అదనపు ఖర్చులన్న మాట వినగానే నాకు జిలేబీ కొంచెం పుల్లగా తగిలింది.

అసలు జరిగింది చెప్పాలి. 2013 మోడల్ 125 సీసీ బండి. అమ్మినాయన బదిలీ మీద వెళ్లిపోతూ తొందరలో ఉన్నాడు గనుక చవగ్గా వచ్చింది. పాత బండి ధర మూడేళ్లలో పెద్దగా పడకపోవడంలో నా గొప్పేమీ లేదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి. కొత్తవాటి ధరలు పెరిగేసరికి పాతవాటిని చూసే చూపు మారింది. ఆ లెక్కన నా బండికి తిరుగులేదనుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టీ కొట్టు ముందు నిలబడే బ్రోకరు దగ్గరికి తీసుకెళ్లాను. రెండు టీలు చెప్పాను. ముప్పై రూపాయలు.

ఆయన టీ తాగుతూనే వంగి ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. “గిట్ల వేడి బండి చూపిస్తే ఎట్ల సార్? సల్లారనియ్యి” అన్నాడు. వేడెక్కిన ఇంజను ఏ రోగాన్నైనా దాచిపెడుతుందట. పాత బండి కొనేవాడు మొదట చూడాల్సింది పెయింటు కాదు, చల్లటి ఇంజను ఎన్ని కిక్కులకు లేస్తుందన్నది. గంట ఆగాక ఆయనే స్టార్టు చేసి, యాక్సిలరేటర్ గట్టిగా తిప్పి వదిలాడు. వెనకాల సైలెన్సర్‌లోంచి తెల్లగా, కాస్త నీలంగా పొగ వచ్చింది. సైలెన్సర్ మూతి లోపల వేలితో రాసి నాకు చూపించాడు. వేలికి నల్లగా, జిడ్డుగా ఆయిలు.

“గీ పొగ జూసి ఎవడు కొంటడు సార్? ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఇరవై తొమ్మిది. పొగ పోగొట్టి తెస్తే ముప్పై ఆరు ఇప్పిస్త.”

ముప్పై ఆరు! నా చెవిలో ఆ అంకె మాత్రమే పడింది. ‘పొగ పోగొట్టి తెస్తే’ అన్నది పొగలాగే గాలిలో కలిసిపోయింది.

మెకానిక్ చూసి, పిస్టన్ రింగులు పోయాయి, బోరు అరిగింది, అందుకే ఆయిలు పైకొచ్చి పెట్రోలుతో కలిసి కాలుతోందన్నాడు. నెలకోసారి ఆయిలు ఎందుకు తగ్గిపోతోందో నాకు అప్పుడు తెలిసింది. అప్పటిదాకా దొంగల మీద అనుమానం ఉండేది. బ్లాకు, పిస్టను మార్చడానికి కూలితో కలిపి 4,800. ఇంజను విప్పాక మెకానిక్‌కు నామీద జాలి పుట్టింది. “ఎట్లాగూ విప్పినం కద సార్” అంటూ చైన్ స్ప్రాకెట్ సెట్టు 1,400, వెనక టైరు 1,700, బ్యాటరీ 1,300 వేశాడు. ‘ఎట్లాగూ విప్పినం’ అన్న మాటకు ఎదురు చెప్పగల మగాడిని నేనింకా చూడలేదు. సీటు కవరు, వాటర్ వాష్, పాలిష్ కలిపి 800. మొత్తం సరిగ్గా పదివేలు. బండి పెళ్లికొడుకులా తయారైంది. ఇంత బాగున్నదాన్ని ఎందుకు అమ్ముతున్నానా అని ఒక పూట బాధపడ్డాను కూడా.

కొనేవాడు దొరికాక ఇంకో చిక్కు. బండి నంబరు కొట్టి చూస్తే నాలుగు చలానాలు, కలిపి 940. అదే ఏడాది మార్చిలో ప్రభుత్వం పెండింగు చలానాలకు రాయితీ ఇచ్చింది. టూ వీలర్లకు డెబ్బై ఐదు శాతం తగ్గింపు. ఏప్రిల్ నడిమి దాకా గడువు కూడా పొడిగించారు. ఇంకా తగ్గిస్తారేమోనని చూస్తూ కూర్చున్నాను. వాళ్లు తగ్గించలేదు, ఆపేశారు. దానికితోడు బీమా ఎప్పుడో అయిపోయింది. అది లేకుండా పేరు మారదన్నారు. థర్డ్ పార్టీ, దానిమీద వ్యక్తిగత ప్రమాద బీమా కలిపి 1,260. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక బ్రోకరు తన 1,500 చేతిలోనే కోసుకుని మిగతా నోట్లు ఇచ్చాడు.

ఇదంతా మా అమ్మాయి నా నోటితోనే చెప్పించింది. పోలీసు స్టేషన్లో కూడా ఇంత ఓపిగ్గా అడగరు. నోటు పుస్తకంలో చివరి పేజీ తిప్పి వరసగా రాసింది. కొన్నది 28,000. అప్పటి బ్రోకరుకు 1,000, పేరు మార్పిడికి ఏజెంటుకు 1,200.

“అది మూడేళ్ల కిందటి సంగతి కదమ్మా” అన్నాను.

“డబ్బు నీదే కదా నాన్నా” అంది.

అక్కడికి 30,200. అమ్మకానికి ముందు చేయించిన రిపేరు పదివేలు కలిపితే 40,200. బీమా, చలానాలు కలిపి 2,200 చేర్చింది. మొత్తం 42,400. ఆ పెన్సిలు ముక్కు నాకు లెక్క చెబుతున్నట్టు లేదు, తీర్పు రాస్తున్నట్టుంది.

ఇక్కడ నేనొక న్యాయమైన అభ్యంతరం చెప్పాను. “చలానాలు బండి ఖర్చెలా అవుతాయి? అవి నా తప్పులకు.”

“మరి అవి కట్టకపోతే బండి అమ్ముడయ్యేదా?” అంది. నా తప్పులు కూడా కొన్నవెలలో చేరిపోయాయి.

ఇన్నేళ్లలో చేయించిన సర్వీసులు, ఆయిలు మార్పిళ్లు, క్లచ్ వైరు కూడా కలుపుతుందేమోనని భయపడ్డాను. కలపలేదు. అవి నువ్వు తిరిగినందుకు అయినవి, అమ్మినందుకు అయినవి కావు అంది. ఈ తేడా నాకు నిజంగా నచ్చింది. బండిని నడిపించుకోవడానికి పెట్టిన డబ్బు నడిపినంతలోనే తీరిపోయింది. అమ్మడానికి పెట్టిందే అమ్మినవెలతో తేల్చుకోవాలి. పాత బండ్ల లెక్కలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కొందరు పెట్రోలు దాకా కలిపి ఏడుస్తారు. నాలాంటివాళ్లు ఏదీ కలపకుండా జిలేబీలు తెస్తారు.

ఇక మిగిలింది బ్రోకరుకిచ్చిన 1,500. దాన్ని ఖర్చులో కలపాలా, అమ్మినవెలలోంచి తీసెయ్యాలా? తీసేస్తే చేతికొచ్చింది 34,500, పెట్టింది 42,400. నష్టం 7,900. కలిపితే పెట్టింది 43,900, వచ్చింది 36,000. అప్పుడూ నష్టం 7,900. రూపాయి తేడా లేదు. శాతం దగ్గర మాత్రం తేడా వస్తుంది. మొదటి పద్ధతిలో 18.6 శాతం, రెండో పద్ధతిలో 18 శాతం. భాగించే అంకె పెద్దదైతే శాతం చిన్నదవుతుంది. నేను వెంటనే రెండో పద్ధతికే ఓటేశాను. ఓడిపోయినవాడు మెజారిటీ ఎంతో తెలుసుకున్నట్టు.

“సరే, నష్టమే అనుకుందాం. రిపేరు చేయించకపోతే ఇంకా పోయేది కదా?” అన్నాను. ఇది నా ఆఖరి కోట.

అప్పటిదాకా జిలేబీ తింటున్న మా ఆవిడ తలెత్తింది. “పొగతోనే ఇస్తే ఎంతకిప్పిస్తానన్నాడండీ?”

“ఇరవై తొమ్మిది.”

“అంటే పదివేలు పెట్టి ఏడువేలు పెంచుకున్నారన్నమాట.”

కోట కూలింది. కొన్నవెల ఎంతైనా, చలానాలు ఎన్నున్నా, అవి ఎలాగూ పోయేవే. అమ్మేముందు అడగాల్సింది ఒకటే: ఈ రిపేరుకు ఎంత పెడితే ధర ఎంత పెరుగుతుంది? పొగతోనే అమ్మి ఉంటే నా నష్టం 4,900 దగ్గర ఆగేది. రిపేరు దాన్ని మూడు వేలు పెంచింది.

మర్నాడు మెకానిక్‌నే అడిగాను, ఏ రిపేరుకు ఎంత పలికిందని. అమ్మేశాక నిజం చెప్పడానికి ఆయనకూ అభ్యంతరం లేకపోయింది. పొగ ఉంటే కొనేవాడు భయపడి నోటికొచ్చినంత తగ్గించి అడుగుతాడట. ఇంజనులో ఇంకేం పోయిందోనన్న భయానికి కూడా ధర కడతాడన్నమాట. కాబట్టి ఆ 4,800 దండగ కాదు. తుడిచి మెరిపించిన 800 కూడా చూడగానే కంటికి కనబడేదే. కానీ చైను, బ్యాటరీ, వెనక టైరు పర్వాలేదనిపిస్తే చాలు. కొత్తవి వేసినంత మాత్రాన ఎవడూ పైసా ఎక్కువివ్వడు. ఆ మూడూ కలిపితే 4,400. నా మూడు వేలూ అందులోనే కూర్చున్నాయి.

“మరి అప్పుడు చెప్పలేదేం?” అన్నాను.

“మీరు అడగలే గద సార్” అన్నాడు.

ఇంటికొచ్చి ఓదార్పు వెతుక్కున్నాను. 7,900ని ముప్పై ఆరు నెలలతో భాగిస్తే నెలకు 219 రూపాయలు. ఆ డబ్బుతో సిటీ బస్సు పాసు కూడా రాదు. పెట్రోలు సంగతి మా ఆవిడ ఎత్తబోయింది. అది లెక్కలో లేదని మా అమ్మాయే నా తరఫున వాదించింది. ఆ ఇంట్లో నాకు దక్కిన ఏకైక విజయం అది.

ఆ ధైర్యంతో ఇంకో ప్రశ్న వేశాను. బ్రోకరు నా దగ్గర పదిహేను వందలు తీసుకున్నాడు, కొన్నవాడి దగ్గరా అంతే తీసుకున్నాడు. మొత్తం మూడు వేలు. బండి కొనలేదు, రిపేరు చేయించలేదు, చలానా కట్టలేదు. అతని లాభశాతం ఎంత?

అమ్మాయి పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది. “అతను పెట్టింది సున్నా కదా నాన్నా. సున్నాతో భాగించకూడదు. అతని లాభానికి శాతం కట్టలేం.”

పాఠ్య పుస్తకం చేతులెత్తేసిన లాభం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. “కనీసం టీ అయినా తాగాడు కదా” అన్నాను గొణుగుతూ.

“ఆ టీ డబ్బులెవరిచ్చారు?”

నేను మాట్లాడలేదు. అమ్మాయి రబ్బరుతో తుడిచి, 7,930 అని దిద్దింది.