బరువు చెప్పడానికి అడ్రసు కావాలట

పాత రోజుల్లో రైల్వే స్టేషన్లలో బరువు చూసే మిషన్ ఉండేది. ఎక్కి నిలబడితే రంగు బల్బులు వెలిగేవి, లోపల చక్రం గిరగిరా తిరిగేది, నాణెం వేస్తే ఒక అట్టముక్క టప్పున పడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. ఆ జాతకం ఎవరికీ కుదిరేది కాదు, అయినా అందరూ చదివేవాళ్లు. మీ పేరేమిటి, ఇల్లెక్కడ అని మాత్రం ఆ మిషన్ ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. పాపం, వెనకబడిన యంత్రం.

ఇప్పటి స్మార్ట్ తూకం మిషన్‌కి ఆ అమాయకత్వం లేదు. గాజు పలక మీద కాళ్లు పెట్టగానే బరువు అక్కడే అంకెల్లో వెలుగుతుంది. కానీ ఆ అంకె మన చేతిలో ఉన్న ఫోన్‌లోకి ఎక్కాలంటే, ముందు మనం భూమ్మీద సరిగ్గా ఎక్కడున్నామో చెప్పాలి. ఆప్ తెరవగానే లొకేషన్ పర్మిషన్ అడుగుతుంది. కాదంటే "దగ్గర్లో ఏ పరికరమూ కనపడలేదు" అంటుంది. పరికరం మన కాళ్ల కిందే ఉంటుంది.

ఎందుకయ్యా ఇది అని కంపెనీని అడిగితే అన్ని కంపెనీలదీ ఒకటే జవాబు: "మీ లొకేషన్ మాకెందుకండీ, బ్లూటూత్ కోసం ఆండ్రాయిడే అడగమంటోంది." తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్న సామెత ఎప్పటిదో గానీ, ఇక్కడ ఓ చమత్కారం ఉంది. ఈ తాటిచెట్టు మీద ఒకప్పుడు నిజంగానే కాస్త దూడగడ్డి ఉండేది. దాని సంగతి ముందు చెప్పాలి.

బ్లూటూత్ స్కాన్ అంటే ఫోన్ చెవి రిక్కించి చుట్టుపక్కల వాటి కేకలు వినడం. తూకం మిషన్, థర్మామీటర్, ఇయర్‌ఫోన్, అన్నీ "నేనిక్కడున్నాను" అని క్షణక్షణం చిన్న చిన్న సందేశాలు వదులుతుంటాయి. ఇలా కేకలు వేయడమే పనిగా పెట్టుకున్న బుల్లి పెట్టెలు కూడా ఉన్నాయి. వాటిని బీకన్లు అంటారు. 2013లో యాపిల్ ఐబీకన్ తెచ్చింది, 2015లో గూగుల్ ఎడ్డీస్టోన్ తెచ్చింది. ఐబీకన్ కేకలో ఉండేది పదహారు బైట్ల గుర్తింపు సంఖ్య, దాని వెనక ఇంకో రెండు చిన్న సంఖ్యలు. దుకాణాల గొలుసు ఒకటి వీటిని పెట్టిందనుకోండి. పెద్ద సంఖ్య కంపెనీది, రెండోది ఏ బ్రాంచో, మూడోది ఆ బ్రాంచిలో ఏ అరో. ఈ జాబితా దగ్గరున్న ఆప్ మన ఫోన్‌లో ఉంటే చాలు. జీపీఎస్ జోలికి పోకుండానే, మనం ఫలానా బజారు దుకాణంలో షాంపూల ముందు నిలబడ్డామని కనిపెట్టేస్తుంది.

అంటే బ్లూటూత్ వినడమంటే ఒక లెక్కన లొకేషన్ తెలుసుకోవడమే. అందుకే 2015లో ఆండ్రాయిడ్ 6తో గూగుల్ ఒక నియమం పెట్టింది: స్కాన్ ఫలితాలు కావాలంటే ఆప్ లొకేషన్ పర్మిషన్ తీసుకోవాలి. ఆండ్రాయిడ్ 10 వచ్చేసరికి సుమారు లొకేషన్ చాలదు, కచ్చితమైనదే కావాలంది. నన్నడిగితే ఈ నియమం తప్పు కాదు. దొంగదారికి కూడా అసలు దారి పేరే పెట్టింది, అంతే. తప్పల్లా ఆ పేరుకు వివరణ జోడించకపోవడంలో ఉంది. "ఈ ఆప్ చుట్టుపక్కల బ్లూటూత్ వింటుంది, దాన్నిబట్టి మీరెక్కడున్నారో పసిగట్టే వీలుంది" అని ఒక్క ముక్క రాసుంటే జనానికి అర్థమయ్యేది. ఆ ముక్క లేకపోవడంతో, హెచ్చరికగా పుట్టిన ప్రశ్న కంపెనీల చేతిలో సాకుగా మారింది.

ఆ సాకు ఇంట్లో ఎలా నడుస్తుందో మా మావయ్య దగ్గర చూశాను. షుగర్ వచ్చాక డాక్టరు బరువు రాసుకోమన్నాడని మిషన్ కొన్నాడు. ఆప్ దించుకుని, ఓటీపీ కొట్టి, ఎత్తు, వయసు, పుట్టినతేదీ సమర్పించుకున్నాక తెర మీద మొదట `Nearby devices` గురించి ప్రశ్న వచ్చింది. సరే అన్నాడు. వెంటనే లొకేషన్ ప్రశ్న వచ్చింది, రెండు గుండ్రటి బొమ్మలతో: `Precise`, `Approximate`.

"ఏరా, బరువుకి మన వీధి నంబరు దాకా ఎందుకు? ఊరి పేరు చాల్లే," అని జాగ్రత్తపరుడిలా రెండోది నొక్కాడు.

అక్కడే పని చెడింది. ఆప్ వెతికింది, ఏమీ దొరకలేదంది. దొరకదు మరి: సుమారు లొకేషన్ ఇస్తే స్కాన్ ఫలితాలు ఆప్ దాకా రావు. ఆ మాట ఆప్ చెప్పదు. "మళ్లీ వెతుకు" అనే బొత్తాం మాత్రం చూపిస్తుంది. మావయ్య దాన్ని కాలింగ్ బెల్ నొక్కినట్టు నొక్కాడు. ముప్పై సెకన్లలో ఐదుసార్లకు మించి స్కాన్ మొదలుపెడితే ఆండ్రాయిడ్ ఆ ఆప్‌కి కాసేపు ఏమీ వినిపించదు. ఇది 2016లో ఆండ్రాయిడ్ 7 నుంచి ఉన్న నిబంధన. అదీ మౌనంగానే. ఈలోగా ఆయన మిషన్ దిగాడు, అది నిద్రపోయింది, కేకలు ఆపేసింది.

"ఇదేదో పాడు సరుకు అంటగట్టారు" అని, ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి బ్లూటూత్ కింద పెయిర్ చేయబోయాడు.

"అక్కడొద్దు మావయ్యా, ఇలాంటి మిషన్లకు చాలావాటికి ఆ పెయిరింగే అక్కర్లేదు, ఆప్ తనే కలుపుకోవాలి," అన్నాను. చివరికి కచ్చితమైన లొకేషన్ ఇచ్చి, పైనుంచి లొకేషన్ స్విచ్ కూడా వేసి, ఓ నిమిషం ఆగి, చెప్పుల్లేకుండా మిషన్ మీద నిలబడి వెతికితే ఒక్క క్షణంలో దొరికింది. డెబ్బై ఎనిమిదిన్నర కిలోలు. "దీనికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడాయన. జాగ్రత్తగా ఉన్నవాడికి సరుకు పనిచేయదు, అన్నిటికీ సరేనన్నవాడికి పనిచేస్తుంది. ఇంతకంటే మంచి శిక్షణ ఏ బడిలో దొరుకుతుంది? ఇక ఆయన ఏ ఆప్ ఏమడిగినా చదవకుండా నొక్కేస్తాడు.

ఇప్పుడు ఆ దూడగడ్డి సంగతి. అది ఎండిపోయి ఏళ్లయింది. 2017లో ఆండ్రాయిడ్ 8 ఇంకో దారి ఇచ్చింది: వెతకడం ఫోనే చేస్తుంది, దొరికినవాటిని మనకు చూపిస్తుంది, మనం ఎంచుకున్న ఒక్క పరికరమే ఆప్‌కి తెలుస్తుంది. లొకేషన్ పర్మిషన్ అక్కర్లేదు. 2021లో ఆండ్రాయిడ్ 12 మరీ సులువు చేసింది. ఆప్ రాసేవాళ్లు తమ ఫైల్లో ఇంత రాస్తే సరి:

```
<uses-permission
  android:name="android.permission.BLUETOOTH_SCAN"
  android:usesPermissionFlags="neverForLocation" />
```

"నేను వినేది లొకేషన్ కోసం కాదు" అని రాసిచ్చే హామీ పత్రం ఇది. ఇది రాస్తే లొకేషన్ ప్రశ్న అడగక్కర్లేదు. బదులుగా కొన్ని బీకన్ల కేకలు ఆ ఆప్‌కి వినపడకుండా ఫోన్ వడకట్టేస్తుంది. 2022 నవంబరు నుంచి ప్లే స్టోర్‌లో ఆప్ అప్‌డేట్ చేయాలంటే కనీసం ఆండ్రాయిడ్ 12కి తగ్గట్టు రాయాల్సిందే. కాబట్టి మొన్ననే "కొత్త రంగులు, చిన్న సవరణలు" అంటూ అప్‌డేట్ పంపిన కంపెనీ, మీ కొత్త ఫోన్‌లో "ఆండ్రాయిడ్ అడగమంది" అంటే అది ఆండ్రాయిడ్ మాట కాదు, ఆ కంపెనీదే. మావయ్య ఫోన్ రెండు ప్రశ్నలూ అడిగిందంటే, ఆ చివరి లైను రాసే ఓపిక ఎవరికీ లేకపోయిందన్నమాట. లేదా ఆ హామీ ఇవ్వడం ఎవరికో ఇష్టం లేదన్నమాట.

న్యాయంగా రెండు మినహాయింపులు చెప్పాలి. ఫోన్ ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా ఏదైనా అయితే, స్కాన్ చేసే ఆప్‌కి లొకేషన్ నిజంగానే కావాలి. మిషన్ తన బరువు అంకెను బీకన్‌లా గాల్లోకి వదిలే రకమైతే, ఆ వడపోతలో అదీ పోయే వీలుంది. సరే, ఒప్పుకుందాం. మరి అదే కంపెనీ అదే మిషన్‌ని ఐఫోన్‌తో కలిపేటప్పుడు ఏం చేస్తోంది? 2019లో iOS 13 నుంచి అక్కడ బ్లూటూత్‌కి విడిగా పర్మిషన్ ఉంది, అది చాలు. ఐబీకన్ల సంగతి తెలుసుకోవాలంటేనే లొకేషన్ అడగాలి. ఐఫోన్ ఉన్నవాడి బరువు ఏ ఊరి బరువో తెలియకుండానే నమోదైపోతోంది. వాడి కిలోలకు ఏ లోటూ రాలేదు.

అడిగితే అడిగారు, ఏం పోయిందిలే అనేవాళ్లకు అమెరికాలో కిన్సా థర్మామీటర్ కథ చెప్పాలి. ఫోన్‌తో కలిసే జ్వరం కొలిచే సాధనం అది. 2018లో న్యూయార్క్ టైమ్స్ రాసిందేమిటంటే, ఏ పిన్‌కోడ్ ప్రాంతంలో జ్వరాలు పెరుగుతున్నాయో ఆ కంపెనీ లెక్కగట్టి, ఆ సమాచారాన్ని క్లోరాక్స్‌కి ఇచ్చి డబ్బు తీసుకుంది. క్లోరాక్స్ క్రిములను చంపే తుడుపు గుడ్డలు అమ్మే సంస్థ. జ్వరాలున్న ప్రాంతాలకు దాని ప్రకటనలు ఎక్కువగా వెళ్లాయి. పేర్లు తీసేసి ఇచ్చామని కిన్సా చెప్పింది, నిజమే అయ్యుండొచ్చు. నేను చూసేది వేరే: 101 డిగ్రీలు అనే అంకె ఒంటరిగా ఉంటే దాన్ని ఎవరూ కొనరు. పక్కన ప్రాంతం చేరాకే దానికి ధర పలికింది. బిడ్డ నుదురు కాలుతుంటే థర్మామీటర్ పట్టుకున్న తల్లి, తెర మీద వచ్చిన ప్రశ్నను చదివి ఆలోచించే స్థితిలో ఉంటుందా? ఆ ప్రశ్న ఆ క్షణంలోనే ఎందుకొస్తుందో చెప్పక్కర్లేదు.

మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఇలాంటి ఉదాహరణే ఉంది. టెలిమెడిసిన్ ఆప్ ఒకటి వైద్యానికి సమ్మతితోపాటు కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, మనిషి రెంటికీ సరే అంది. అయినా ఆ సమ్మతి వైద్యం వరకే చెల్లుతుందని చట్టం చెబుతోంది, ఎందుకంటే వైద్యానికి కాంటాక్టుల జాబితా అవసరం లేదు. కాంటాక్టుల బదులు లొకేషన్ పెట్టి, వైద్యం బదులు బరువు పెట్టి చదువుకోవచ్చు.

మీ ఆప్ ఏ రకమో తేల్చుకోవాలంటే, ఫోన్ ఆండ్రాయిడ్ 12 లేదా ఆపైది అయితే, మిషన్ కలిపాక సెట్టింగుల్లో ఆ ఆప్‌కి `Nearby devices` ఉంచి లొకేషన్ తీసేయండి. మళ్లీ మిషన్ ఎక్కండి. బరువు ఫోన్‌లోకి వచ్చిందంటే ఇక ఆ లొకేషన్ దాని దగ్గర ఉండాల్సిన పని లేదు, తీసేసే ఉంచండి. రాలేదంటే ఆ లైను రాయలేదేమో. ఆప్ కింద రివ్యూ పెట్టి, `neverForLocation` ఎందుకు రాయలేదని అడగండి. "ప్రియమైన వినియోగదారుడా, మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని జవాబు వస్తుంది. దాని కిందే, "మా కొత్త వెర్షన్ దించుకోండి."