మళ్లీ మీకు వంట వంతు రాకుండా చేసే కుక్కర్ చిట్కాలు

అమెరికాలో నలుగురు కుర్రాళ్లు కలిసి అద్దెకుండే అపార్ట్‌మెంట్లో గిన్నెలు తోమడం ఎలాగోలా ఎగ్గొట్టొచ్చు. వంట వంతు మాత్రం ఫ్రిజ్ తలుపు మీద పేరుతో సహా అంటించి ఉంటుంది. "నేను చేయను" అంటే మాటొస్తుంది. చేసి, చెడగొట్టి, తప్పు మిషన్‌దని తేలిస్తే పరువూ దక్కుతుంది, సెలవూ దక్కుతుంది. ఈ పనికి ఆరు క్వార్టుల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌ని మించిన తోడుదొంగ లేదు. వంటకం టమాటా పప్పు. కిందివి వరసగా పాటించండి.

1. పోపు దగ్గరే పునాది వేయండి. Sauté నొక్కి ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి ఫోన్ చూసుకోండి. కాసేపటికి గిన్నె అడుగున గోధుమరంగు పొర ఒకటి కరుచుకుంటుంది. అదే మీ ఆస్తి. ఈ దశలో అరకప్పు నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే ఆ పొరంతా ఊడి పప్పులో కలిసిపోతుంది, పైగా రుచి కూడా వస్తుంది. రుచి వస్తే వచ్చే వారం కూడా మీరే వండాలి. గీకకండి.

2. నీళ్ల దగ్గర పొదుపు చూపించండి. కప్పు కందిపప్పుకి మూడు కప్పుల నీళ్లని తెలిసినవాళ్లు చెబుతారు. మీరు ఒక కప్పుతో సరిపెట్టి, "టమాటాల్లో నీళ్లుంటాయిగా" అనండి. ఉంటాయి, కానీ అవి బయటికి వచ్చేలోపే మన పని అయిపోతుంది. ఇంకో మెలిక. టమాటా ముక్కలు అన్నిటికీ పైన వేసి కలపకుండా వదిలేస్తే మీ శ్రమ వృథా. వాటిని ముందే వేసి, మెత్తగా నలిపి, అడుగంతా పూసినట్టు కలపండి. పల్చటి నీళ్లయితే మరుగుతూ కిందికీ పైకీ తిరిగి అడుగు వేడిని మోసుకుపోతాయి. చిక్కటి గుజ్జు కదలదు. వేడి అక్కడే పేరుకుంటుంది. గిన్నె కింద, వేడి పలక నడుమ ఉన్న సెన్సార్ అది పసిగట్టి, వేడి ఆపేసి, తెర మీద Burn అని చూపిస్తుంది. మిషన్ పాడైందని కాదు, అడుగు మరీ కాలిపోతోందని దాని గోల. ఈ సంగతి రూమ్మేట్లకి చెప్పకండి.

3. Burn రాగానే మూత తీయకుండానే Cancel కొట్టి మళ్లీ Pressure Cook నొక్కండి. మళ్లీ వస్తే మళ్లీ నొక్కండి. తెలివితక్కువవాళ్లు ఏం చేస్తారంటే, Cancel కొట్టి, ఆవిరి వదిలి, పిన్ను కిందికి దిగాక మూత తీసి, గరిటెతో అడుగు తడిమి చూస్తారు. కరుచుకున్నది గీకి, ఓ కప్పు నీళ్లు పోసి మళ్లీ పెడతారు. చాలాసార్లు అంతటితో పప్పు ఉడికిపోతుంది. వాళ్లలో మరీ శ్రద్ధపరులు చల్లారాక గిన్నె పైకెత్తి, దాని కింద బియ్యపు గింజ గానీ ఎండిన పులుసు గానీ అంటుకుందేమో తుడుస్తారు కూడా. మీరు ఆ గింజను అక్కడే కాపాడుకోండి. గిన్నె పలక మీద సరిగా ఆనకుండా చూసే నమ్మకస్తుడు అది.

ఈలోగా గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసి, "ఎన్ని విజిల్స్ వచ్చాయిరా?" అని అడుగుతుంది. ఈ కుక్కర్ విజిల్ వేయదు. ఆ మాట చెప్పకుండా, "ఒక్కటీ రాలేదమ్మా" అని దీనంగా అనండి. అబద్ధమూ కాదు. "అయితే రబ్బరు పోయుంటుంది" అని తీర్పు ఆవిడే చెప్పేస్తుంది. స్పీకర్ ఆన్‌లో పెట్టడం మరిచిపోకండి.

4. రబ్బరుని నిజంగానే పోగొట్టండి. అసలు విద్య ఇక్కడుంది, కాస్త నిదానంగా చదవండి. మూత లోపల ఇనప చట్రం వెనక దూరి ఉండే ఆ సిలికాన్ రింగు సరిగా కూర్చుంటే వేలితో చుట్టూ తోస్తే జరుగుతుంది, ఎక్కడా ఉబ్బి పైకి లేవదు. మీరు ఒకచోట చట్రం మీదికి ఎక్కించి వదిలేయండి. మూత పడుతుంది, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. కానీ అంచు నుంచి సన్నగా ఆవిరి పోతూనే ఉంటుంది, పావుగంటైనా పిన్ను పైకి లేవదు. ఆవిరై పోయేది మీరు పోసిన ఆ ఒక్క కప్పు నీళ్లే కాబట్టి అడుగు ఎండి మళ్లీ Burn వస్తుంది. అందరూ గిన్నె అడుగునే చూస్తారు, నేరస్థుడు మూతలో ఉంటాడు. మీద ఉన్న వాల్వుని Sealing వైపు తిప్పకుండా Venting దగ్గరే వదిలేసినా ఫలితం ఇదే, కానీ అది ఎవడైనా కనిపెట్టేస్తాడు.

రింగుని తీసి కడగకండి. తీసినా పట్టి సాగదీయండి, ఒకసారి వదులైతే మళ్లీ గాడిలో ఇమడదు. ఏడాది, ఏడాదిన్నరకోసారి మార్చమంటారు, పగుళ్లు కనిపిస్తే అంతకుముందే మార్చమంటారు. వాళ్లకేం, చెబుతారు. తప్పనిసరై కొనాల్సి వస్తే ఎనిమిది క్వార్టులది కొనండి. పెద్దది కదా, గట్టిగా పడుతుందని వాదించొచ్చు.

5. ఆదివారం చికెన్ పులావ్, సోమవారం బెల్లం పరమాన్నం. మధ్యలో రింగు మార్చొద్దు. సిలికాన్ వాసన పీల్చుకుంటుంది, సబ్బుతో కడిగినా పూర్తిగా వదలదు. అందుకే ముందుచూపున్న ఇళ్లలో కారానికొకటి, తీపికొకటి రెండు రంగుల రింగులు పెట్టుకుంటారు, వంటయ్యాక మూతని తిరగేసి పెట్టి గాలి తగలనిస్తారు. మీరు తడి మూతని అలాగే బిగించి అల్మారాలో పెట్టండి. మర్నాడు పరమాన్నం మొదటి చెంచాకే లవంగం, మసాలా, కోడి ముగ్గురూ పలకరిస్తారు. శాకాహారి రూమ్మేట్ ఉంటే ఆ ఒక్క చెంచాతో మీకు జీవితకాలం సెలవు.

6. తెర మీద Lid అని వస్తే సంబరపడండి, శ్రమ లేకుండా దొరికే సాకు ఇదొక్కటే. Sauté నడుస్తుండగా మూత బిగిస్తే అలా వస్తుంది, Pressure Cook నొక్కి మూత పూర్తిగా తిప్పకపోయినా వస్తుంది. పొగలు కక్కే పప్పు మీద మూత పెట్టబోతే ఒక్కోసారి అసలు తిరగదు. లోపలి ఆవిరి పిన్నుని పైకి నెట్టి మూతకి అడ్డం పెడుతుంది. వాల్వుని Venting వైపు తిప్పి ఆవిరికి దారిస్తే పిన్ను జారి మూత పడుతుంది. పిన్ను చుట్టూ పప్పు ఎండి బిగుసుకుపోయినా ఇంతే, అది గోరువెచ్చటి నీళ్లతో వదిలిపోతుంది. ఇవేవీ చేయకుండా తెరని ఫొటో తీసి రూమ్ గ్రూపులో, "మూత లాక్ పోయినట్టుంది బ్రో, ఆఫీసు కాల్ ఉంది" అని పెట్టండి.

ఒక్క హెచ్చరిక. పిన్ను పైకి ఉండగా మూతతో కుస్తీ పట్టే వీరులున్నారు. మన పద్ధతి అది కాదు. లోపల ఒత్తిడి ఉంది, చేతులూ మొహమూ కాలతాయి, పైగా అందులో కష్టం కూడా ఉంది. మనం పిన్ను దిగేదాకా సోఫాలో పడుకుంటాం.

7. మాడిన గిన్నెలో నీళ్లు పోసి, "నానబెట్టాను" అని సింకులో వదిలేయండి. ఆ మాట చెల్లుబాటు సాధారణంగా బుధవారం దాకా ఉంటుంది. గురువారం వంతు ఎవరిదో ఫ్రిజ్ మీద చూసుకుని, ఆ గిన్నె వాళ్లకి అప్పగించండి.