రెండో పళ్ళెం

మే నెల, విజయవాడ. మా అత్తయ్య మనవడి మొదటి పుట్టినరోజు. అపార్ట్‌మెంట్ డాబా మీద షామియానా వేశారు. వంటవాళ్ళు పదింటికే పుచ్చకాయలు, ఖర్బూజాలు కోసి పళ్ళేల్లో పేర్చారు. కీరా, టమాటా, ఉల్లిపాయ చక్రాలు పక్కనే పెట్టారు. కేక్ కోయాల్సిన అల్లుడుగారి రైలు లేటు. భోజనాలు మొదలయ్యేసరికి ఒంటిగంటన్నర అయింది. మూడింటికి కూడా ఇంకా రెండు పళ్ళేల పండ్లూ, సగం బేసిన్ సలాడూ మిగిలే ఉన్నాయి. అడుగున పోసిన ఐసు ఎప్పుడో కరిగిపోయింది. ఉప్పు చల్లిన కీరా చక్రాలు ఊరిన నీళ్ళలో తేలుతున్నాయి.

ఎవరో పిల్లాడు పుచ్చముక్కల కోసం చెయ్యి చాపితే బాబాయి టక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు.

"ఎప్పుడు కోశారివి? పదింటికా? ఇక ఎవరూ ముట్టుకోకండి!"

"బాగానే ఉన్నాయి కదరా తమ్ముడూ, వాసన కూడా రాలేదు" అంది అత్తయ్య.

"వాసన వచ్చేది కుళ్ళితేనే అక్కా. జబ్బు చేసే క్రిములు ఉన్నా రంగు మారదు, రుచి మారదు. పుచ్చకాయ నేలమీద కాస్తుంది. తొక్కకి మట్టి ఉంటుంది. కడక్కుండా కోస్తే ఆ తొక్కమీది క్రిముల్ని కత్తే లోపలి గుజ్జుకి అంటిస్తుంది. ఖర్బూజా అయితే మరీ, ఆ గరుకు తొక్కకి పట్టిన మట్టి ఎంత కడిగినా పూర్తిగా వదలదు. పోనీ ఈ పళ్ళు పులుపా అంటే కాదాయె. అనాసలాంటి పులుపు పండులో క్రిములు అంత తేలిగ్గా పెరగవు. వీటిలో నీరూ, తీపీ ఉన్నాయి, పైన ఈ ఎండ. క్రిములకి అంతకంటే ఏం కావాలి?"

"సలాడ్‌లో నిమ్మకాయ పిండాంగా!" అన్నాడు మామయ్య.

"బేసిన్‌కి రెండు చెక్కలు పిండితే ఏం సరిపోతుంది బావా? లెక్క సులువు. కోసిన పండుగానీ పచ్చి సలాడ్‌గానీ బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండయితే ఒక్క గంటే. ఇవాళ నలభై పైనే ఉంది. ఇవేమో అయిదు గంటల నుంచీ ఇక్కడే ఉన్నాయి."

"అయితే ఇప్పుడే ఫ్రిజ్‌లో పెట్టేస్తా."

"లాభం లేదక్కా. చలికి క్రిములు పెరగడం తగ్గుతుందంతే, అప్పటికే పెరిగినవి చావవు. రేపు వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే అందరూ బిర్యానీని తిడతారు. పాపం అది పొయ్యి మీద పొగలు కక్కుతూనే ఉంది. అంత వేడిలో క్రిములు పెరగవు. అసలు దోషులు ఇవీ, నిప్పు మొహం చూడనివి."

అందరి చేతులూ వెనక్కి వెళ్ళాయి. ఒకాయన నోట్లో ఉన్న ముక్కని మెల్లగా టిష్యూలోకి దించాడు. పక్కనే వాచ్‌మన్ భార్య ఎంగిలి ప్లేట్లు ఏరుతోంది.

పళ్ళేల వంక చూసి అత్తయ్య ప్రాణం ఉసూరుమంది. "ఇంత డబ్బు పోసి కొన్నవి! చెత్తలో పారేయడానికి చేతులెలా వస్తాయిరా?" అని ఒక్క క్షణం ఆలోచించి, ప్లేట్లు ఏరుతున్న ఆమెని పిలిచింది. "ఇదిగో, ఈ పళ్ళూ సలాడూ కవర్లలో పోసుకుని కిందికి పట్టుకెళ్ళు. మీ పిల్లలు తింటారు."

నేను బాబాయి వంక చూశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "అదే మంచిది. వాళ్ళకేం కాదులే, అలవాటే."

ఆమె మారు మాట్లాడకుండా రెండు కవర్లు నింపుకుని దణ్ణం పెట్టి వెళ్ళింది. "చూశావా, ఎంత సంబరపడిందో!" అంది అత్తయ్య.

కాసేపటికి నేను బండి తీయడానికి కిందికి దిగాను. గేటు పక్కన ఆమె ఆ రెండు కవర్లనీ తడిచెత్త డబ్బాలో గుమ్మరిస్తోంది. నన్ను చూసి కాస్త తడబడింది.

"పారేస్తున్నావేం?" అన్నాను.

"పైన అయ్యగారు చెప్పిందంతా ప్లేట్లు తీస్తూ విన్నానండీ" అంది కవరు దులుపుతూ. "ఈ ఎండకి గంట దాటితే తినకూడదన్నారు. మెట్లు దిగితే తినొచ్చని అనలేదు కదండీ!"