కిలోమీటరుకు ఎనిమిదిన్నర పైసలు: బావమరిదిని ఓడించే లెక్క

ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాక మొదట చేయాల్సిన పని దాన్ని నడపడం కాదు, పెట్రోలు బండి ఉన్న బావమరిదికి లెక్క చెప్పడం. ఆ లెక్క ఎలా వేయాలో కింద వరుసగా చెబుతున్నాను. తప్పకుండా పాటించండి.

1. బ్యాటరీ మీద రాసిందే నమ్మండి. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీకి మూడు యూనిట్లు చాలు. ఛార్జింగ్ పెట్టినప్పుడు మాత్రం ఛార్జర్ మీద చెయ్యి వేయకండి. వెచ్చగా తగులుతుంది. ఆ వేడి కూడా మీ మీటరు తిప్పిన కరెంటే కదా అన్న అనుమానం మొదలవుతుంది. ప్లగ్గుకీ ఛార్జర్‌కీ మధ్య చిన్న యూనిట్ల మీటరు పెడితే మూడు కాస్తా మూడున్నర దాకా చూపించవచ్చు. అలాంటి మీటరు కొనకండి.

2. షోరూంలో చెప్పిన 120 కిలోమీటర్లే పట్టుకోండి. వెనక సీట్లో మనిషి, ముందు సిలిండరు, దారిలో ఫ్లైఓవర్లు ఉంటే 90 దగ్గరే బండి నీరసపడుతుంది. అది బండి తప్పు, లెక్క తప్పు కాదు.

3. యూనిట్ ధర కోసం కరెంటు బిల్లులో అన్నిటికంటే పై వరుస చూడండి. తెలంగాణలో 2022 నాటి పట్టిక ప్రకారం వంద దాటి 200 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లూ యూనిట్‌కి 3.40 రూపాయలు. ఇంకేం, ఛార్జింగ్‌కి 10.20 రూపాయలు. దాన్ని 120తో భాగిస్తే కిలోమీటరుకు ఎనిమిదిన్నర పైసలు. బావమరిది నోరు మూత.

4. ఆ బిల్లులో మిగతా వరుసలు చూడకండి. ఇంట్లో ఫ్రిజ్జు, మోటారు, ఫ్యాన్లు ఆ చౌక యూనిట్లను ఎప్పుడో మింగేశాయి. స్కూటర్ తాగేది చివరి యూనిట్లు. మీ ఇల్లు నెలకు 180 యూనిట్లు వాడుతోందనుకుందాం. వంద యూనిట్లు 3.40 చొప్పున, ఎనభై 4.80 చొప్పున, మొత్తం 724 రూపాయలు. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే నెలకు 900. అంటే పది ఛార్జింగ్‌లు, 35 యూనిట్లు. ఇల్లు 215కి చేరింది. రెండు వందలు దాటగానే మొదటి రెండు వందల యూనిట్ల ధరే మారిపోయి యూనిట్ 5.10 అవుతుంది. ఆపై పదిహేను యూనిట్లకు 7.70. ఫిక్స్‌డ్ ఛార్జీలు పక్కన పెట్టినా 1,135.50 రూపాయలు. స్కూటర్ వల్ల పెరిగింది 411.50. ఛార్జింగ్‌కి 41 రూపాయలు, కిలోమీటరుకు 46 పైసలు. మీకు ఉచిత కరెంటు పథకం ఉంటే ఇంకా తమాషా. రెండు వందలు దాటిన నెల సున్నా బిల్లు పోయి మొత్తం బిల్లూ వచ్చి కూర్చుంటుంది.

5. పెట్రోలు బండికి మాత్రం నిజాయితీగా కొలవండి. ట్యాంకు నిండా కొట్టించి, రీడింగ్ రాసుకుని, ఓ వారం తిరిగి, మళ్లీ నిండా కొట్టించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. లీటరుకు 45 కిలోమీటర్లు వచ్చి, లీటరు 107 రూపాయలైతే, కిలోమీటరుకు 2.38. ఈ నిజాయితీ మీ బండి దగ్గరకు రానివ్వకండి.

6. బండి కొన్న ధర మాట ఎవరైనా ఎత్తితే టాపిక్ మార్చండి. పెట్రోలు బండి కంటే 30 వేలు ఎక్కువ పెట్టారనుకుందాం. నెలకు 900 కిలోమీటర్లు తిరిగేవారికి పెట్రోలు మీద 2,140 ఖర్చయ్యేది 411 అయింది. ఆ 30 వేలు ఏడాదిన్నరలో తిరిగొస్తాయి. రోజుకు పది కిలోమీటర్లే తిరిగేవారికి నెల మిగులు 650 చిల్లరే. దాదాపు నాలుగేళ్లు పడుతుంది. అప్పటికి బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు మిగిలి ఉంటుందో కాగితంలో చూసుకోవచ్చు. చూడకపోతే ఇంకా మంచిది.

మా బావమరిది ఇవన్నీ విన్నాడు. ఏమీ అనకుండా లోపలికెళ్లి మా ఇంటి కరెంటు బిల్లులు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టాడు, బండి కొనకముందు నెలదీ, కొన్న తర్వాత నెలదీ. తేడాను తిరిగిన కిలోమీటర్లతో భాగించాడు. 46 పైసలు. ఎనిమిదిన్నర పైసలు పట్టుకుని నేను వాదిస్తున్నంతసేపూ నమ్మని మనిషి, తన 2.38ని దాని పక్కన రాసుకుని, "షోరూం ఎక్కడన్నావు బావా?" అనడిగాడు.

నిజం లెక్కలోనూ పెట్రోలు ఖర్చు ఐదింతలుంది. అబద్ధం అనవసరంగా ఆడాను.